సెల్లారులో నీళ్లు తోడే పంపు: హెడ్ లెక్క కట్టి ఎంచుకోవడం ఎలా?

పంపుల దుకాణంలో మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని హెచ్‌పీ కావాలి?" అని. సెల్లారు మునిగిన కంగారులో ఉన్నవారు రెండో మూడో అని చెప్పి, అందుబాటులో ఉన్న మోటారు తెచ్చుకుంటారు. అది తిరుగుతుంది, నీళ్లూ పోస్తుంది, కానీ తెల్లవారేసరికి లోపలి నీటిమట్టం జానెడు కూడా దిగదు. నిజానికి మీరు దుకాణంలో చెప్పాల్సినవి రెండు అంకెలు: నిమిషానికి ఎన్ని లీటర్లు, ఎన్ని మీటర్ల హెడ్ మీద, అంటే ఎంత ఎత్తుకు. ఈ రెండూ తేలితే హెచ్‌పీ దానంతటదే తేలుతుంది. రెండింటినీ టేపు, సుద్దముక్క, గడియారం పెట్టుకుని మీరే కట్టవచ్చు.

లెక్క నడపడానికి హైదరాబాదులో ఎక్కడైనా కనిపించే ఒక సెల్లారును తీసుకుందాం. పొడవు 30 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. నేల రోడ్డు మట్టానికి 3 మీటర్ల కింద ఉంది. ఒక మూల 60 సెంటీమీటర్ల లోతు గుంత ఉంది. రాత్రి వానకు లోపల 60 సెంటీమీటర్ల నీళ్లు నిలిచాయి.

నీళ్లలో కాలు పెట్టే ముందు

సెల్లారుకు వెళ్లే కరెంటు మొత్తాన్ని పైన, పొడిగా ఉన్న చోట ఆపించండి. మీటర్ల బోర్డు సెల్లారులోనే ఉండి నీళ్లు దాన్ని తాకుతుంటే, విద్యుత్ సిబ్బంది బయటి నుంచి సరఫరా తీసేదాకా ఎవరూ దిగకూడదు. లిఫ్టును పై అంతస్తులో నిలిపి ఆపేయండి. పంపుకు ఇచ్చే కరెంటు వేరే లైను నుంచి, లీకయ్యే కరెంటును పసిగట్టి సరఫరాను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మీదుగానే రావాలి. పంపు నడుస్తున్నంతసేపూ ఆ నీళ్లలో మనిషి ఉండకూడదు. డీజిల్ ఇంజను పంపునైనా జనరేటరునైనా సెల్లారులో పెట్టి నడపకండి. ర్యాంపు తలుపు తెరిచే ఉంది కదా అనుకున్నా, అది వదిలే కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

మొదటి లెక్క: నిమిషానికి ఎన్ని లీటర్లు

ఉన్న నీళ్లు ఎన్నో చెప్పడం తేలిక. 30 × 15 × 0.6 అంటే 270 ఘనపు మీటర్లు, అంటే 2 లక్షల 70 వేల లీటర్లు. స్తంభాలు, కార్లు ఆక్రమించిన చోటును తీసేయకండి, అది మనకు అనుకూలంగా మిగిలే చిన్న వెసులుబాటు.

వచ్చే నీళ్లు ఎన్నో మాత్రం చాలామంది చూడరు. ఒక స్తంభం మీద నీటి అంచున సుద్దతో గీత గీసి, సమయం రాసి, గంట తరవాత మళ్లీ చూడండి. మన సెల్లారులో వాన తగ్గాక కూడా గంటకు 2 సెంటీమీటర్లు పెరిగిందనుకుందాం. 450 చదరపు మీటర్ల నేల మీద అది 9,000 లీటర్లు, అంటే నిమిషానికి 150 లీటర్లు. అంతకన్నా తక్కువ తోడే పంపు ఎన్ని రోజులు తిరిగినా మట్టం దిగదు. పంపు పెట్టినా నీళ్లు తగ్గడం లేదని వాపోయే చోట చాలాసార్లు జరిగేది ఇదే.

ఆ నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో కూడా చూడండి. ర్యాంపు మీదుగా రోడ్డు నీళ్లు జారుతుంటే ముందు ఇసుక బస్తాలు అడ్డం వేయించండి, సగం లెక్క అక్కడే తగ్గిపోతుంది. గోడల్లోంచి, నేల అతుకుల్లోంచి ఊరుతుంటే మాత్రం ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. లోపలి మట్టం దిగేకొద్దీ బయటి భూగర్భ జలానికీ దానికీ తేడా పెరిగి ఊట జోరందుకుంటుంది. గీత చూసి కట్టిన అంకె కనీస అంకె మాత్రమే.

పది గంటల్లో ఖాళీ చేయాలనుకుంటే నిల్వ నీటికి గంటకు 27,000 లీటర్లు, ఊటకు 9,000, మొత్తం 36,000. అంటే నిమిషానికి 600 లీటర్లు, సెకనుకు 10 లీటర్లు. ఇది మన మొదటి అంకె.

పది గంటలే ఎందుకు, నాలుగు గంటల్లో ఎందుకు తోడకూడదు? మోకాలి లోతు నీళ్లయితే తోడవచ్చు, పంపు పెద్దదవుతుంది, అంతే. కానీ నీళ్లు ఛాతీ లోతుకు చేరి రోజుల తరబడి నిలిచినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇళ్లను ముంచినప్పటిలా చుట్టూ నేల నానిపోయినప్పుడు, తొందర పనికిరాదు. బయట నానిన మట్టి గోడను లోపలికి నెడుతుంటే, లోపలి నీళ్లే దానికి ఎదురు ఒత్తిడి ఇస్తుంటాయి. వాటిని ఒక్కసారిగా తీసేస్తే గోడ లోపలికి ఒరగవచ్చు, నేల పైకి ఉబ్బవచ్చు. ఇలాంటప్పుడు అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా చెప్పే పద్ధతి ఒక అడుగు తోడి, గీత గీసి, రాత్రంతా ఆగడం. పొద్దునకు మట్టం మళ్లీ పైకి వచ్చిందంటే ఇంకా తోడే సమయం రాలేదని అర్థం. ఇటుక గోడలో రాతి గోడలో ఉన్న పాత కట్టడాలకు ఈ జాగ్రత్త మరీ అవసరం.

రెండో లెక్క: హెడ్

హెడ్ అంటే పంపు నీటిని ఎంత ఎత్తుకు నెట్టాలన్నది. అందులో కంటికి కనిపించే ఎత్తు కొంత, పైపులో రాపిడికి ఖర్చయ్యేది కొంత. మొదటిదాన్ని అందరూ కొలుస్తారు, రెండోదాన్ని వదిలేస్తారు.

ఎత్తును నీటి ఉపరితలం నుంచి కొలవాలి. పంపు నీటిలో ఎంత లోతున కూర్చుందన్నది లెక్కలోకి రాదు. అయితే నీళ్లు దిగుతుంటే ఆ ఉపరితలమూ దిగుతుంది కాబట్టి చివరికి చేరబోయే మట్టాన్ని, అంటే గుంత అడుగును తీసుకోండి. పై కొస పైపు వెళ్లే దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు. కాలువలో పైపు చివర ఎంత కిందికి ఉన్నా దాన్ని తీసివేతగా వేసుకోకండి. ఎత్తు దాటాక నీళ్లే నీళ్లను లాగుతాయన్నది గట్టి పైపులో నిండుగా పారేటప్పటి మాట. గుడ్డ పైపులో అది నమ్మదగింది కాదు, నొక్కుకుపోతుంది.

కొలవడానికి తాపీమేస్త్రీల లెవెల్ పైపు చాలు. పారదర్శకమైన సన్నటి గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొసను ర్యాంపు పైన రోడ్డు మట్టానికి పట్టుకుని, రెండో కొసను సెల్లారులోని స్తంభం దగ్గరకు తీసుకెళ్తే రెండు చోట్లా నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. అక్కడ గీత పెట్టి కిందికి టేపుతో కొలవండి. రోడ్డు మట్టం స్తంభం పైకొస కన్నా ఎత్తులో ఉంటే ఈ కొలతను రెండు దఫాలుగా చేయాలి. గొట్టంలో గాలి బుడగ ఒక్కటి మిగిలినా కొలత తప్పుతుంది, వేలితో తట్టి పోగొట్టండి. గొట్టం లేకపోతే మెట్లు లెక్కపెట్టండి. ఒక మెట్టు ఎత్తు కొలిచి మెట్ల సంఖ్యతో హెచ్చవేస్తే పనికి సరిపోయే అంకె వస్తుంది.

మన సెల్లారులో నేల నుంచి రోడ్డుకు 3 మీటర్లు, గుంత 0.6, ర్యాంపు మీద వాన నీరు రాకుండా కట్టిన గట్టు 0.3. మొత్తం 3.9, నాలుగనుకుందాం.

ఇప్పుడు రాపిడి. పంపు నుంచి రోడ్డు పక్క వాన నీటి కాలువ దాకా 30 మీటర్ల పైపు కావాలి. నిమిషానికి 600 లీటర్లు 3 అంగుళాల పైపులో పారితే ప్రతి 10 మీటర్లకూ సుమారు 0.6 మీటర్ల హెడ్ పోతుంది. రెండున్నర అంగుళాలైతే 1.5 మీటర్లు. 2 అంగుళాలైతే 4.5 మీటర్లు. ఇవి లోపల నున్నగా ఉన్న పైపుకు హేజెన్-విలియమ్స్ సూత్రంతో కట్టిన అంకెలు. పాతబడి గరుకెక్కిన పైపుకు మూడో వంతు కలుపుకోండి. మీ ప్రవాహం ఇందులో సగమే అయితే రాపిడి సగం కాదు, దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది.

మన 30 మీటర్లకు 3 అంగుళాల పైపుతో 1.9 మీటర్లు. మూడు బెండ్లు, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే ఒక నాన్ రిటర్న్ వాల్వు, పైపు చివర నీళ్లు వేగంగా బయటపడటం, ఈ మూడింటికీ కలిపి ఒకటిన్నర మీటర్లు. ఎత్తు నాలుగుతో కలిపితే 7.4. ఊట జోరు పెరగడానికీ పైపు మడతలకూ ఐదో వంతు కలిపి 9 మీటర్లు అనుకోండి. అంటే దుకాణంలో అడగాల్సింది "9 మీటర్ల హెడ్ మీద నిమిషానికి 600 లీటర్లు ఇచ్చే పంపు."

ఇదే పంపుకు, ఇంట్లో ఉంది కదా అని 2 అంగుళాల పైపు తగిలిస్తే ఏమవుతుందో చూడండి. 30 మీటర్ల రాపిడే 13.5 మీటర్లు. బెండ్లు, వాల్వు, చివరి వేగం కలిసి ఇంకో 7. నాలుగు మీటర్ల ఎత్తుతో కలిపి దాదాపు 25 మీటర్ల హెడ్. పంపు దాన్ని అందుకోలేదు కాబట్టి ప్రవాహం పడిపోయి, రాపిడి తగ్గిన చోట నిలదొక్కుకుంటుంది. ఈ తరహా పంపు నిమిషానికి 400 లీటర్ల దగ్గర ఆగుతుందనుకోండి. అందులో ఊటకు 150 పోగా మట్టాన్ని దించేవి 250 మాత్రమే. పది గంటల పని పద్దెనిమిది గంటలకు సాగుతుంది, కరెంటు మాత్రం అలాగే కాలుతుంది. మోటారు సైజు పెంచడం కన్నా పైపు సైజు పెంచడం చవక అని నా అభిప్రాయం. పంపు నోరు 3 అంగుళాలు ఉంటే రెడ్యూసరు పెట్టి 2 అంగుళాలకు దించడమంత దండగ పని లేదు.

డబ్బా మీద అంకెలు చదవడం

డబ్బా మీద పెద్ద అక్షరాలతో రెండు అంకెలు ఉంటాయి: గరిష్ఠ హెడ్ 18 మీటర్లు, గరిష్ఠ డిశ్చార్జి నిమిషానికి 900 లీటర్లు అన్నట్టుగా. ఈ రెండూ ఎప్పుడూ ఒక్కచోట కలవవు. 18 మీటర్ల దగ్గర ఆ పంపు చుక్క కూడా బయటకు పోయదు, నీళ్లు పైపులో నిలబడి ఉంటాయంతే. 900 లీటర్లు ఇచ్చేటప్పుడు దాదాపు ఏ ఎత్తుకూ ఎక్కించడం లేదు. మీకు కావాల్సింది ఈ రెంటి మధ్య ఉండే పట్టిక. ప్రతి మంచి తయారీదారు కరపత్రంలో హెడ్ ఒక వరుసలో, ఆ హెడ్‌కు వచ్చే లీటర్లు మరో వరుసలో ఉంటాయి. 9 మీటర్ల కింద వేలు పెట్టి 600కు తగ్గకుండా ఉందో లేదో చూడండి. పట్టిక చూపించలేని పంపు కొనకండి.

హెడ్ ఎక్కువ ఉంటే మంచిదే కదా అని 40 మీటర్ల పంపు తెచ్చుకోవడమూ పొరపాటే. చాలా పంపుల నేమ్‌ప్లేటు మీద "హెడ్ 6 నుంచి 16 మీటర్లు" అని హద్దులు ఉంటాయి. ఎక్కువ ఎత్తుకు చేసిన పంపును తక్కువ ఎత్తులో నడిపితే అది హద్దు మీరిన ప్రవాహం తోస్తూ ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. మోటారు వేడెక్కి ఓవర్‌లోడ్ రిలే పడిపోతుంది, రిలే లేకపోతే వైండింగ్ కాలిపోతుంది. మీ 9 మీటర్లు ఆ హద్దుల నడిమిలో పడాలి.

హెచ్‌పీని ఇప్పుడు సరిచూసుకోవచ్చు:

```
హెచ్‌పీ = సెకనుకు లీటర్లు × హెడ్ మీటర్లు ÷ 75 ÷ సామర్థ్యం
       = 10 × 9 ÷ 75 ÷ 0.45 = 2.7
```

మురికి నీటి పంపులకు 45 శాతం సామర్థ్యం అనుకోవడం సబబు. 2.7 వచ్చింది కాబట్టి 3 హెచ్‌పీ. ఇదే పనికి ఎవరైనా 1 హెచ్‌పీ చాలంటే నమ్మకండి. రాపిడి ఏమాత్రం లేకపోయినా అది సరిపోదు.

ఏ రకం పంపు

దుకాణంలో "సంపు మోటారు" అని అడిగితే, ఇంటి సంపులోంచి ట్యాంకుకు ఎక్కించే ఓపెన్‌వెల్ పంపు చేతిలో పెడతారు. అది మంచినీళ్ల పంపు. లోపల తిరుగుతూ నీటిని తోసే ఇంపెల్లర్ సందులు ఇరుకుగా ఉంటాయి, వాన నీటితో వచ్చే ఇసుక వాటిని అరగదీస్తుంది, ఒక పాలిథీన్ కవరు చాలు మూసేయడానికి. పైగా అది పూర్తిగా మునిగి ఉంటేనే చల్లబడుతుంది, కాబట్టి ఆఖరి అడుగు నీటిని తీయలేదు.

మీరు అడగాల్సింది డీవాటరింగ్ సబ్‌మెర్సిబుల్ పంపు. అడుగున జల్లెడ ఉంటుంది, బురద నీటిని తట్టుకుంటుంది, మట్టం బాగా దిగేదాకా లాగుతుంది. ఎంత మట్టం దాకా మునగకుండా నడవగలదో నేమ్‌ప్లేటులోనో పుస్తకంలోనో చూసుకోండి. నీటిలో డ్రైనేజీ కలిసి ఉంటే మురుగు పంపు, అంటే పెద్ద గట్టి ముక్కలు దాటేలా ఇంపెల్లర్ ఉన్నది లేదా ముక్కలు కోసే కట్టర్ ఉన్నది తీసుకోవాలి.

రోడ్డు మీద నిలబెట్టి పీల్చే డీజిల్ పంపు అద్దెకు సులభంగా దొరుకుతుంది, కరెంటు లేని రోజున అదే దిక్కు. దానికి ఒక హద్దు ఉంది. పంపు నీటిని లాగదు, లోపల గాలి తీసేస్తే బయటి వాతావరణ పీడనమే నీటిని పైకి నెడుతుంది. సిద్ధాంతం ప్రకారం అది 10 మీటర్ల దాకా నెట్టాలి, ఆచరణలో 6 మీటర్లు దాటితే నమ్మకం లేదు. మన నాలుగు మీటర్లకు అది పనిచేస్తుంది. రెండు మూడు సెల్లార్లు ఉన్న భవనంలో అట్టడుగు నుంచి లాగలేదు, ఇంజను ఎంత పెద్దదైనా సరే. పీల్చే వైపు గట్టి చుట్ల పైపే వాడాలి, గుడ్డ పైపు వాడితే అది చప్పబడి మూసుకుపోతుంది.

దింపి, నడిపి, సరిచూడటం

పంపును గుంతలో తాడుతో దింపండి, కేబుల్ పట్టుకుని ఎప్పుడూ దింపకండి. ఒక ఇటుక మీద కూర్చోబెడితే అడుగు బురదలో కూరుకోదు. గట్టు దాటే చోట గుడ్డ పైపు మడత పడి మూసుకుంటుంది, అక్కడ ఒక గట్టి బెండు ముక్క వేయండి. నీళ్లు గోడ పక్కనే వదిలితే గంటలో అవే మళ్లీ లోపలికి వస్తాయి, కాలువ దాకా తీసుకెళ్లండి.

మూడు ఫేజుల పంపు తిరగేసి కలిపితే కూడా తిరుగుతుంది, నీళ్లూ వస్తాయి, కాకపోతే బలహీనంగా. పంపు మీది బాణం గుర్తుతో దిశ సరిచూడండి, తప్పయితే కరెంటు ఆపి ఏవైనా రెండు ఫేజులు మార్పించండి.

ఆ తరవాత పైపు చివర 200 లీటర్ల పీపా పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. నిమిషానికి 600 లీటర్లయితే 20 సెకన్లు. 30 సెకన్లు పట్టిందంటే 400 లీటర్లే వస్తున్నాయి. ఆ 400ను పట్టికలో వెతికితే పంపు నిజంగా ఎంత హెడ్ మీద పనిచేస్తోందో తెలుస్తుంది, మీ లెక్కకన్నా ఎంత ఎక్కువుంటే అంత అడ్డు పైపులో ఎక్కడో ఉందన్నమాట. మొదట 20 ఉండి రెండు గంటల తరవాత 30 అయితే జల్లెడ మూసుకుంది, పంపు ఆపి, ప్లగ్గు తీసి శుభ్రం చేయండి.

పునాది గుంత అయితే

నిర్మాణ స్థలంలో హెడ్ లెక్క ఇదే, నీటి స్వభావం వేరు. అక్కడ నిల్వ తక్కువ, ఊట ఎక్కువ. కాబట్టి ఒకసారి తోడేసి, పంపు ఆపి, మట్టం ఎంత వేగంగా పెరుగుతుందో కొలిచాకే పంపు ఎంచుకోండి. గుంత అడుగుకన్నా రెండు మూడు అడుగుల లోతుగా మూలన చిన్న గుంత తవ్వి, చిల్లులు కొట్టిన ఇనుప పీపా దింపి, చుట్టూ 20 మిల్లీమీటర్ల కంకర పోసి, పంపును పీపాలో పెట్టాలి. పీపా అడుగు వరకూ ఎత్తు కొలవడం మరవకండి, లోతు పెరిగింది కదా.

ఇక్కడ ప్రమాదం పంపు తీసుకొచ్చే మట్టిలో ఉంది. బయటకు వచ్చే నీటిని ఒక తెల్ల బకెట్‌లో పట్టి కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచండి. తొలి గంటలో అడుగున కొంత ఇసుక పేరుకోవడం మామూలే. గంటలు గడిచినా ప్రతి బకెట్‌లో అంతే ఇసుక వస్తుంటే, అది చుట్టుపక్కల నేలలోంచి, బహుశా పక్కింటి పునాది కిందనుంచి, జారి వస్తోందని అర్థం. కంకర పొర సరిచేయించండి, పక్కింటి గోడల్లో కొత్త పగుళ్లు చూడండి. గుంత అడుగున నీళ్లు ఇసుకతో కలిసి ఉడుకుతున్నట్టు పైకి పొంగడం కనిపిస్తే మనుషులను బయటకు పిలిచి, పంపు ఆపి, గుంతలో మట్టం పెరగనివ్వండి. ఆ నేలకు గుంతలో పంపు పెట్టే పద్ధతి సరిపడదు. చుట్టూ వరుసగా సన్నటి బోర్లు దింపి ముందే భూగర్భ మట్టాన్ని దించే వెల్‌పాయింట్ పద్ధతి కావాలి. అది కూడా పీల్చే పంపు మీదే ఆధారపడుతుంది కనుక ఒక్కో వరుస 5, 6 మీటర్ల లోతు వరకే పనిచేస్తుంది. ఆ పనిని నేల పరీక్ష నివేదిక చేతిలో ఉన్న ఇంజనీరుకు అప్పగించండి.